లిమిట్ మూడు, చేతిలో పనులు పన్నెండు

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువల్స్ రాస్తాను. ఈ పనికి మా టీమ్‌లో నేనొక్కదాన్నే. పనులన్నీ సగంలో ఆగిపోతున్నాయని, ఒక్కో పనికీ ఒక కార్డు రాసి కాలమ్ నుంచి కాలమ్‌కి జరిపే కాన్బాన్ బోర్డు పెట్టుకున్నాను. ‘చేయాల్సినవి’, ‘చేస్తున్నవి’, ‘పూర్తయినవి’ అని మూడు కాలమ్స్. ‘చేస్తున్నవి’లో మూడు కార్డులకు మించకూడదని లిమిట్ పెట్టుకున్నాను. కొద్ది రోజులకే ఒక పేజీ ఇంజినీర్ జవాబు కోసం ఆగింది. ఖాళీగా ఎలా కూర్చుంటాను? ‘వెయిటింగ్’ అని ఇంకో కాలమ్ పెట్టి, దాన్ని అందులోకి జరిపి, కొత్తది మొదలుపెట్టాను. అదే అలవాటైపోయింది. ఇప్పుడు ‘చేస్తున్నవి’లో మూడు, ‘వెయిటింగ్’లో తొమ్మిది ఉన్నాయి. వారానికి మూడు పేజీల దాకా పూర్తి చేస్తాను, అయినా ప్రతి ఒక్కరూ “నాది ఇంకా కాలేదా?” అనే అడుగుతారు. ఒక పేజీ వెయిటింగ్‌లో ఉండగానే ఆ స్క్రీన్ మారిపోయి, స్క్రీన్‌షాట్లన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. మా మేనేజర్ కొత్త పని వచ్చిన ప్రతిసారీ “ఇది కూడా మొదలుపెట్టెయ్యండి” అంటారు. లిమిట్ అనేది టీములకేనా, ఒంటరిగా పనిచేసేవాళ్లకు పనికిరాదా? లిమిట్ నిండిందని ఖాళీగా కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ లిమిట్ మూడు కాదండీ, అసలు మీకు లిమిటే లేదు. ఒక కాలమ్‌కి తలుపు వేసి పక్క కాలమ్‌కి గోడే కట్టకుండా వదిలేశారు. మీ బోర్డు మీద మొదలై పూర్తికాని పనులు పన్నెండు. వాటిలో తొమ్మిది మీ చేతిలో లేవని మీరు అనుకుంటున్నారు. కానీ వాటి ప్రశ్నలు అడిగింది మీరు, జవాబు వస్తే మళ్లీ అందుకోవాల్సింది మీరు, “నాది కాలేదా?” అన్న మాట పడేది కూడా మీరే. కార్డు పక్కకు జరిగింది కానీ బాధ్యత జరగలేదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. క్యూల గురించి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది, కాన్బాన్ లెక్కల్లో దాన్ని తరచూ వాడతారు. మొదలై పూర్తికాని పనుల సగటు సంఖ్యను, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక పని మొదలైనప్పటి నుంచి పూర్తయ్యేదాకా సగటున పట్టే వారాలు వస్తాయి. మీకు పన్నెండు భాగించు మూడు, అంటే నాలుగు వారాలు. ఇది సగటు లెక్కే, పైగా బోర్డు మీదికి వచ్చేవీ పోయేవీ దాదాపు సమానంగా ఉన్నప్పుడే సరిగ్గా కుదురుతుంది. ఒక్కో పేజీ ఎప్పుడవుతుందో ఇది చెప్పదు. కానీ మన పనికి ఇది చాలు.

ఇప్పుడు అదే లెక్కను రెండు కాలమ్స్‌కీ విడివిడిగా వేయండి. ‘చేస్తున్నవి’లో మూడు, వారానికి మూడు పూర్తవుతాయి కాబట్టి ఒక వారం. ‘వెయిటింగ్’లో తొమ్మిది, అదే వేగంతో మూడు వారాలు. మీ పేజీలు దాదాపు అన్నీ వెయిటింగ్ గుండా వెళ్తాయనుకుంటే, నాలుగు వారాల్లో మీరు రాసేది ఒక్క వారం, మిగతా మూడు వారాలూ పేజీ ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. రేపటి నుంచి మీరు రెట్టింపు వేగంతో రాసినా నాలుగు వారాలు మూడున్నర అవుతాయి, అంతే. అందుకే ‘చేస్తున్నవి’ లిమిట్‌ను మీరు ఎంత నిక్కచ్చిగా పాటించినా ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. లిమిట్ కావాల్సిన చోట పెట్టలేదు.

ఇంకో సంగతి. మీ వెయిటింగ్ కాలమ్‌లోని తొమ్మిది కార్డులు ఆ ఇంజినీర్లకు ఎలా కనిపిస్తాయో ఆలోచించండి. మీ పేజీలు చదివిపెట్టేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకు సొంత పని ఉంటుంది, దాని మీద మీ నుంచి ఒక్కొక్కరికి మూడు నాలుగు పేజీలు. ఏది ముందు చూడాలో వాళ్లకు తెలియదు. అన్నీ ‘వీలైనప్పుడు’ చూడాల్సినవే కాబట్టి ఏదీ చూడరు. జవాబు ఆలస్యమైందని మీరు ఇంకో పేజీ మొదలుపెడతారు, అది కూడా వారం తిరిగేసరికి వాళ్ల నెత్తినే పడుతుంది. జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. ఖాళీగా కూర్చోకూడదని మొదలుపెట్టిన ప్రతి కొత్త పనీ, ఆగిపోయిన పాత పనులను ఇంకాస్త వెనక్కి నెట్టింది. ఇందులో మీ తప్పూ లేదు, వాళ్ల తప్పూ లేదు. లిమిట్ లేని కాలమ్ ఎక్కడున్నా జరిగేది ఇదే.

స్క్రీన్‌షాట్ల గొడవ కూడా ఇక్కడిదే. మూడు వారాలు ఆగిన పేజీకి జవాబు వచ్చినప్పుడు మీరు చేయాల్సింది రెండు లైన్లు సరిదిద్దడమే అనిపిస్తుంది. కానీ ముందు ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదవాలి, అప్పుడు ఆ ప్రశ్న ఎందుకు అడిగారో గుర్తు తెచ్చుకోవాలి, ఈలోగా బటన్ పేరు మారిందేమో చూసుకోవాలి. ఇదంతా బోర్డు మీద ఎక్కడా కనిపించని పని. దీన్ని తగ్గిస్తే వారానికి మూడు పేజీలు అనే సంఖ్య కూడా కాస్త పెరగవచ్చు. ఎంత పెరుగుతుందన్నది మాత్రం ఎవరూ ముందే చెప్పలేరు, ఎవరైనా శాతాలతో సహా చెబితే నమ్మకండి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. లిమిట్ పెట్టినంత మాత్రాన పని మాయమవదు. లోపల ఆగే బదులు ‘చేయాల్సినవి’లో బయట ఆగుతుంది. అడిగిన రోజు నుంచి లెక్కిస్తే, కొందరికి మొత్తం సమయం మొదట్లో పెద్దగా తగ్గినట్టు కనిపించకపోవచ్చు. తేడా ఏమిటంటే, మొదలుపెట్టని పనికి ఇంకా ఖర్చు పెట్టలేదు. దాని వరస మార్చవచ్చు, అక్కర్లేదనుకుంటే తీసేయవచ్చు, ఈలోగా స్క్రీన్ మారినా నష్టం లేదు, ఎందుకంటే స్క్రీన్‌షాట్ ఇంకా తీయనేలేదు. సగం రాసి ఆపిన పేజీకి ఈ సౌకర్యాలేవీ ఉండవు.

ఇప్పుడు దారుల గురించి. నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, రెండు కాలమ్స్‌కీ వేర్వేరు లిమిట్లు. ‘చేస్తున్నవి’కి రెండు, ‘వెయిటింగ్’కి నాలుగు అనుకుందాం. దీని పట్టు ఎక్కడుందంటే, వెయిటింగ్ నిండినప్పుడు మీరు రాసి ముగించిన పేజీ కూడా అందులోకి జరగలేదు. ‘చేస్తున్నవి’లోనే ఉండిపోతుంది. అది కదలదు కాబట్టి ‘చేయాల్సినవి’ నుంచి కొత్తది లాగలేరు. అంటే ఇంజినీర్ దగ్గర ఆగిన అడ్డంకి వెనక్కి పాకి మీ బల్ల దాకా వచ్చి నిలబడుతుంది. చిరాకుగానే ఉంటుంది, ఆ చిరాకే మిమ్మల్ని ఫోన్ ఎత్తిస్తుంది. టయోటా కర్మాగారాల్లో తైచి ఓనో కాన్బాన్ పద్ధతి తెచ్చినప్పుడు కూడా అసలు సంగతి ఇదే. తర్వాతి దశ నుంచి కార్డు తిరిగి రాకపోతే దానికి ముందున్న దశలో కొత్త సామాను తయారు చేయకూడదు. కార్డుల సంఖ్యే లిమిట్.

దీని ఇబ్బంది మరోటి ఉంది. జవాబులు నిజంగానే మీ చేతిలో లేకపోతే, ఉదాహరణకు న్యాయ విభాగం ప్రతి పేజీకీ కచ్చితంగా రెండు వారాలు తీసుకుంటుందనుకోండి, వారానికి మూడు చొప్పున ఆరు పేజీలు ఎప్పుడూ అక్కడ ఉండక తప్పదు. అప్పుడు నాలుగు లిమిట్ పెడితే మీ పని వారానికి రెండుకు పడిపోతుంది. కాబట్టి ఈ సంఖ్యను నా మాట మీద పెట్టకండి. న్యాయంగా ఎన్ని రోజులు ఆగాలో చూసి, దాన్ని మీ వేగంతో గుణించి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వారంన్నరలో జవాబు రావడం సబబే అనిపిస్తే నాలుగో ఐదో సరిపోతుంది.

రెండో దారి, రెండు కాలమ్స్‌కీ కలిపి ఒకే లిమిట్, ఆరు. గుర్తుంచుకోవడం తేలిక. ఒక వారం వెయిటింగ్‌లో ఐదు ఉంటే చేతిలో ఒకటే ఉంటుంది, ఇంకో వారం మూడు మూడు ఉంటాయి, సర్దుకుపోతుంది. కానీ ఆరూ వెయిటింగ్‌లోకి చేరితే తప్ప ఇబ్బంది తెలియదు, అప్పటికి కాస్త ఆలస్యమైపోతుంది. పైగా జవాబులన్నీ ఒకేరోజు వచ్చాయనుకోండి, ఆరు పేజీలు ఒక్కసారిగా తెరుస్తారు. అందుకని ఈ దారిలో వెళ్తే “ఒక సమయంలో తెరిచి ఉండేవి రెండే” అన్న మాట కూడా పక్కన రాసి పెట్టుకోండి.

రెండే ఎందుకు, మూడు ఉండకూడదా అంటారేమో. మూడు రోజుల పని పట్టే పేజీలు మూడు ఉన్నాయనుకోండి. రోజుకొకటి చొప్పున మార్చి మార్చి రాస్తే అవి 7, 8, 9వ రోజుల్లో పూర్తవుతాయి. ఒకదాని తర్వాత ఒకటి రాస్తే 3, 6, 9వ రోజుల్లో అవుతాయి. ఆఖరిది రెండు పద్ధతుల్లోనూ తొమ్మిదో రోజే. అంటే ఎవరికీ నష్టం లేదు, ఇద్దరికి ముందే అందింది. మార్చినప్పుడల్లా అయ్యే మతిమరుపు ఖర్చు ఈ లెక్కలో కలపనే లేదు. రెండోదానికి చోటు ఉంచమన్నది, మొదటిది ఒక గంటో పూటో ఆగినప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉండాలని.

మూడో దారి, వెయిటింగ్‌కి సంఖ్య పెట్టకుండా వయసు పెట్టడం. కార్డు ఆ కాలమ్‌లోకి వెళ్లిన తేదీ దాని మీద రాస్తారు. ఐదు పనిదినాలు దాటిన కార్డు ఒక్కటి ఉన్నా కొత్త పని మొదలుపెట్టకూడదన్నది నియమం. లిమిట్ అనే మాట వింటేనే విసుక్కునే ఆఫీసుల్లో ఇది నడుస్తుంది. కానీ ఇది మెతక నియమం, ‘రేపు వచ్చేస్తుందిలే’ అని మనకు మనమే వెసులుబాటు ఇచ్చుకుంటాం. మీ ఉత్తరం చూస్తే మీకు మొదటి దారే నప్పుతుందనిపిస్తోంది, ఎందుకంటే మీ పేజీలు చదివిపెట్టేవాళ్లు మీ కంపెనీ ఇంజినీర్లే, వెళ్లి అడిగితే పలికేవాళ్లే. తేదీ రాయడం మాత్రం ఏ దారిలోనైనా చేయండి.

మొదటి రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా పన్నెండు నుంచి ఆరుకు దిగడం ఒక మెట్టు. రేపు పొద్దున్నే బోర్డు మీద ‘6’ అని రాసేస్తే లిమిట్ రోజూ దాటే ఉంటుంది, చాలా సాఫ్ట్‌వేర్లలో కాలమ్ ఎర్రగా మారుతుంది తప్ప కార్డును ఆపదు కూడా. ఎర్ర రంగుకు కళ్లు అలవాటు పడితే ఇక లిమిట్ ఉన్నా లేనట్టే. అందుకని ముందు కొత్తవి ఆపండి. వారానికి మూడు పూర్తవుతాయి కాబట్టి, కొత్తవేవీ లాగకుండా రెండు వారాలు ఉంటే ఆరుకు వస్తారు. ఆ మాట మేనేజర్‌కి ముందే చెప్పాలి, తర్వాత తెలిస్తే పని ఆపేశారనే అనుకుంటారు.

ఆ రెండు వారాల్లో తొమ్మిది వెయిటింగ్ కార్డులనూ ఒక్కొక్కటిగా చూడండి. ప్రతిదాని మీదా మూడు విషయాలు ఉండాలి: ఎవరి జవాబు కావాలి, ఏ ప్రశ్నకు, ఏ రోజు అడిగారు. చూస్తుంటే ఒకటి రెండిటికి అసలు ఎవరినీ అడగలేదని, అడుగుదామనుకుని ఆపేశారని తేలుతుంది, ఇది చాలా బోర్డుల్లో బయటపడేదే. ఒకటో రెండో ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనివి ఉంటాయి, అడిగినవాళ్లను కనుక్కుని మూసేయండి. ఒక పేజీ నిజంగానే నెలల తరబడి కదలదని తెలిస్తే ‘చేయాల్సినవి’లోకి వెనక్కి పంపవచ్చు, కానీ దాని మీద “సగం రాశాను, ఫలానా తేదీన ఆపాను, తర్వాతి అడుగు ఇది” అని రాసి, అడిగినవాళ్లకు చెప్పి పంపండి. చెప్పకుండా పంపితే అది కూడా కొత్త వెయిటింగ్ కాలమ్ అవుతుంది, పేరు మారిందంతే.

మిగిలిన కార్డుల కోసం ఇంజినీర్ల దగ్గరికి పేజీలు పంపడం కాదు, ప్రశ్నలు తీసుకెళ్లండి. “ఈ డ్రాఫ్ట్ మొత్తం చూసి చెప్పండి” అంటే అది వాళ్లకు సగంపూట పని. “లింక్ ఎంతసేపు పనిచేస్తుంది? గడువు దాటితే ఏ మెసేజ్ వస్తుంది?” అని రెండు ప్రశ్నలు అడిగితే నిలబడి చెప్పేస్తారు. ఒకే మనిషి దగ్గర మూడు పేజీలు ఆగి ఉంటే, మూడూ గుర్తుచేయకుండా ఏది ముందు కావాలో మీరే చెప్పండి.

ఇకముందు అసలు వెయిటింగ్‌లోకి తక్కువ వెళ్లేలా చూసుకోవడానికి ఒక అలవాటు బాగా పనిచేస్తుంది. ‘చేయాల్సినవి’ నుంచి కార్డు లాగేముందే, ఆ ఫీచర్ మీరు నడిపి చూడగలరా, మీకు యాక్సెస్ ఉందా, దీన్ని చదివిపెట్టేది ఎవరు, వచ్చే వారం వాళ్లు ఊళ్లో ఉంటారా అని చూసుకోవాలి. వీటిలో ఏది లేకపోయినా ఆ కార్డును లాగకండి, కిందదాన్ని లాగండి. ఇంకోటి, కార్డు పరిమాణం. ‘అడ్మిన్ గైడ్ మొత్తం తిరగరాయడం’ అన్నది ఒకే కార్డుగా ఉంటే అది నెలన్నర పాటు ఒక చోటు ఆక్రమిస్తుంది, లిమిట్‌కి అర్థమే ఉండదు. రెండు మూడు రోజుల్లో రాసి, ఒక్క మనిషికి చూపించి, బయటికి పంపగలిగే ముక్కలుగా విడగొట్టండి.

మేనేజర్ మాటకొస్తే, “ఇది కూడా మొదలుపెట్టెయ్యండి” అన్నప్పుడు ఆయనకు కావాల్సింది మీరు మొదలుపెట్టడం కాదు. తనను అడిగినవాళ్లకు ఏదో ఒక జవాబు చెప్పుకోవాలి. ‘మొదలైంది’ అన్నది అందుకు తేలికైన జవాబు. దానికి బదులు మీరు తేదీ ఇవ్వగలిగితే చాలా మంది మేనేజర్లకు అదే నచ్చుతుంది. ఇప్పటినుంచి ప్రతి కార్డుకీ మొదలైన తేదీ, పూర్తయిన తేదీ రాయండి. ఇరవై కార్డులు పోగయ్యాక వాటిని పట్టిన రోజుల వరసలో పేర్చండి. పదిహేడోది పదమూడు రోజుల దగ్గర ఉందనుకోండి, అప్పుడు “మొదలుపెట్టాక పదమూడు పనిదినాల్లో ఇస్తాను, ఇరవైలో పదిహేడు అలాగే అయ్యాయి” అని చెప్పవచ్చు. సగటు చెప్పకండి, సగటు చెబితే దాదాపు సగం సార్లు మాట తప్పినట్టవుతుంది.

ఈలోగా ఆయనతో మాట్లాడటానికి బోర్డు పక్కన పెట్టుకుని “సర్, ప్రస్తుతం ఇవి నడుస్తున్నాయి. వీటిలో ఒకటి అయిపోగానే ఇదే లాగుతాను. అంతకంటే ముందు కావాలంటే వీటిలో ఏది ఆపమంటారు?” అనవచ్చు. నిర్ణయం ఆయనదే అవుతుంది, దాని ఖరీదు కూడా ఆయనకు కనిపిస్తుంది. కొందరు “ఏదీ ఆపొద్దు, అన్నీ చెయ్యండి” అంటారు. అలాంటి చోట బోర్డు పైన ‘అర్జెంట్’ అని ఒకే ఒక్క గడి విడిగా ఉంచండి. లిమిట్‌తో సంబంధం లేకుండా అందులో ఒక కార్డు పెట్టవచ్చు, కానీ ఒక్కటే. అది అయితేగానీ రెండో అర్జెంట్ రాకూడదు. ఆ గడి ఎప్పుడెప్పుడు నిండిందో రాసుకోండి. రెండు నెలల్లో రెండుసార్లు నిండితే దాని పని అది చేస్తున్నట్టు. ప్రతివారం నిండుతుంటే అది మీ మామూలు పనే, లిమిట్‌లోనే లెక్కపెట్టాలి, ఆ తేదీలు చూపిస్తూ ఆ మాట అడగడం తేలిక.

మేనేజర్‌కి చెప్పకుండా మీ వరకే లిమిట్ పాటించడం కూడా సాధ్యమే. కొన్ని వారాలు ప్రయత్నించి చూడటానికి బాగుంటుంది. కాకపోతే ఎవరైనా “నాది మొదలైందా?” అంటే నిజం చెప్పడమా, అబద్ధం చెప్పడమా అన్న టెన్షన్ రోజూ ఉంటుంది. అబద్ధం చెప్పడం మొదలైతే బోర్డు మీద ఒకటి, మాటల్లో ఒకటి అవుతుంది. ఎక్కువ కాలం ఆ దారిలో ఉండమని నేను చెప్పను.

చివరగా ఖాళీగా కూర్చోవడం గురించి. లిమిట్ నిండి, చేతిలో రాయడానికి ఏమీ లేని పూట వస్తుంది. ముందు వెయిటింగ్ కాలమ్‌లో అన్నిటికంటే పాత కార్డు తీసి, దాని కోసం ఎవరిని కదపాలో కదపండి. చాలాసార్లు ఆ పూట అక్కడే గడిచిపోతుంది. అది కూడా అయిపోతే, వాడుకలో ఉన్న పాత పేజీల్లో విరిగిన లింకులు సరిచేయడం, వచ్చే కార్డులకు కావాల్సిన యాక్సెస్ అడిగి ఉంచడం లాంటివి చేయండి. ఒకటే షరతు, అది అదే పూట ముగిసిపోవాలి, ఎవరి జవాబుకోసమూ ఆగకూడదు. ఆగేదైతే అది కొత్త కార్డే. ఇలాంటి పూటలు వారంలో ఒకటి వస్తే కంగారు పడకండి. ఎప్పుడూ రాకపోతే మీ లిమిట్ వదులుగా ఉంది, ఒకటి తగ్గించి చూడండి. వారంలో రెండు మూడు రోజులు అలాగే గడుస్తూ, వారానికి పూర్తయ్యే పేజీలు మూడు కంటే తగ్గితే లిమిట్ మరీ బిగుతుగా ఉంది, వెయిటింగ్‌కి ఒకటి పెంచండి. రెండు మార్పులు ఒకేసారి చేయకండి, ఒక మార్పు చేశాక కనీసం మూడు వారాలు ఆగితేగానీ ఏది దేనివల్ల జరిగిందో తెలియదు.